2.38 మీటర్ల తొడ ఎముక ఒక్కటే ఉంటే జంతువు పొడవు ఎంతని చెప్పగలం?

నీలిగడప

పటగోటైటన్ అనే సారోపాడ్ డైనోసార్ గురించి చదువుతున్నాను. అర్జెంటీనాలోని చుబుట్ ప్రాంతంలో దొరికింది, 2017లో పేరు పెట్టారు. తొడ ఎముక పొడవు 2.38 మీటర్లు, జంతువు మొత్తం పొడవు 37 మీటర్లు అని రాశారు. అక్కడ కనీసం ఆరు జంతువుల ఎముకలు దొరికాయి కాబట్టి వాళ్లు తొడ ఎముక ఒక్కదాని మీదే ఆధారపడలేదని నాకు తెలుసు. నా సందేహం వేరు. ఆ తొడ ఎముక ఒక్కటే దొరికి, మిగతావేవీ దొరక్కపోయి ఉంటే, నిష్పత్తి లెక్కతో 37కి చేరుకోగలిగేవాళ్లమా?

నేను ఒకసారి వేసి చూశాను. డిప్లోడోకస్ కార్నెగీ అస్థిపంజరం సుమారు 25 మీటర్లు, దాని తొడ ఎముక సుమారు 1.54 మీటర్లు. అంటే తొడ ఎముకకు 16.2 రెట్లు శరీరం. 2.38ని 16.2తో గుణిస్తే 38.6 మీటర్లు వచ్చింది. 37కి బాగా దగ్గరగా ఉంది. అయితే ఈ పద్ధతి నమ్మదగినదేనా?

లెక్కలమాస్టారు

నమ్మదగినదే. ఒకే ఆకారం ఉన్న రెండు వస్తువుల్లో ఒక భాగం ఎన్ని రెట్లు పెద్దదైతే మిగతా భాగాలన్నీ అన్ని రెట్లు పెద్దవవుతాయి. సరూప త్రిభుజాల సూత్రం ఇక్కడా అంతే.

```
L2 = L1 × (F2 / F1)
```

L1, F1 తెలిసిన జంతువు పొడవు, దాని తొడ ఎముక పొడవు. F2 మన దగ్గరున్న ఎముక. సారోపాడ్‌లన్నీ నాలుగు కాళ్లు, పొడవాటి మెడ, పొడవాటి తోక ఉన్నవే కదా. ఏ సారోపాడ్ తీసుకున్నా కాస్త అటూ ఇటూగా ఇదే జవాబు రావాలి.

కొలబద్ద

సూత్రం సరైనదే మాస్టారూ. కానీ "ఏ సారోపాడ్ తీసుకున్నా" అన్న దగ్గర నేను ఒప్పుకోలేను. మరొక దానితో చేసి చూద్దాం.

బెర్లిన్ మ్యూజియంలో నిలబెట్టిన జిరాఫటైటన్ ఉంది. పొడవు సుమారు 22.5 మీటర్లు, తొడ ఎముక సుమారు 1.9 మీటర్లు. నిష్పత్తి 11.8. అదే 2.38 మీటర్ల ఎముకకు ఇది 28 మీటర్లు ఇస్తుంది. నీలిగడప గారికి డిప్లోడోకస్‌తో 38.6 వచ్చింది. ఎముక అదే, సూత్రం అదే, తేడా మాత్రం పది మీటర్లు.

ఇంకో విధంగా చూడండి. జిరాఫటైటన్ తొడ ఎముక డిప్లోడోకస్ ఎముక కంటే దాదాపు 35 సెంటీమీటర్లు పెద్దది. అయినా పొడవులో డిప్లోడోకసే ముందుంది. ఎందుకంటే తొడ ఎముక మోసేది బరువును. కాలు ఎంత ఎత్తుండాలి, ఎంత భారం ఆపాలి అన్నదాన్ని బట్టి అది పెరుగుతుంది. డిప్లోడోకస్ పొడవులో పెద్ద వాటా తోకది. సుమారు 80 పూసలు ఉంటాయి, చివరి సగం సన్నగా కొరడాలా సాగిపోతుంది. ఆ సగానికి బరువంటూ పెద్దగా లేదు, కాబట్టి దాని కోసం తొడ ఎముక పెరగాల్సిన పని లేదు. కానీ టేపు పెట్టి కొలిస్తే మాత్రం ఆ మీటర్లన్నీ లెక్కలోకి వచ్చేస్తాయి. జిరాఫటైటన్ తోక పొట్టి. ముందు కాళ్లు వెనక కాళ్ల కంటే పొడవు, మెడ పైకి లేచి ఉంటుంది.

అందుకే నీలిగడప గారూ, మీకు 38.6 రావడం, అది 37కి దగ్గరగా ఉండటం కాకతాళీయం. పటగోటైటన్ డిప్లోడోకస్‌కి దగ్గరి బంధువు కాదు.

నీలిగడప

ఇది నేను ఊహించలేదు. అయితే ముందు అది ఎవరి బంధువో తెలియాలి. చేతిలో తొడ ఎముక ఒక్కటే ఉంటే అది ఎలా తెలుస్తుంది? పళ్లు, పుర్రె, పూసలు ఏవీ లేవు కదా.

కొలబద్ద

జాతి దాకా చెప్పలేం. కానీ ఏ గుంపుదో చెప్పే గుర్తులు తొడ ఎముక మీదే కొన్ని ఉంటాయి.

సారోపాడ్ తొడ ఎముక దాదాపు నిటారుగా స్తంభంలా ఉంటుంది. దాన్ని ముందు నుంచి చూసినప్పుడు బయటి అంచును పై నుంచి కిందికి గమనించండి. పై మూడో వంతులో, తల భాగానికి కాస్త కింద, అంచు బయటికి ఉబ్బి మళ్లీ లోపలికి వస్తే అది జిరాఫటైటన్‌తో పాటు, పటగోటైటన్ లాంటి టైటనోసార్‌లు ఉన్న పెద్ద గుంపు వైపు చూపించే గుర్తు. డిప్లోడోకస్ ఎముకలో ఆ అంచు దాదాపు తిన్నగా దిగిపోతుంది. రెండో గుర్తు అడ్డుకోత. చాలా టైటనోసార్‌లలో కాడ పక్కలకు వెడల్పుగా, ముందు వెనకలకు పలచగా ఉంటుంది. కాకపోతే ఈ రెండో గుర్తుతో జాగ్రత్త. మట్టి బరువుకు నలిగిన ఎముక కూడా అలాగే కనిపిస్తుంది.

ఆ ఉబ్బు ఉందనుకుంటే డిప్లోడోకస్‌ను పక్కన పెట్టేయొచ్చు. టైటనోసార్‌లలో ఎక్కువ ఎముకలు దొరికిన పెద్ద జంతువు కావాలి. డ్రెడ్‌నాటస్ బాగుంటుంది. 2014లో వర్ణించారు, అది కూడా అర్జెంటీనాదే. తొడ ఎముక 1.91 మీటర్లు, పొడవు 26 మీటర్లని అంచనా. నిష్పత్తి 13.6. దాంతో మన ఎముకకు 32.4 మీటర్లు వస్తుంది.

ఒక్క ఎముకతో ఇలాంటి లెక్క వేసేటప్పుడు నేను ఎక్కువ సమయం పెట్టేది ఈ బంధువును ఎంచుకోవడం మీదే. గుణకారం ఎవరైనా చేస్తారు.

అస్థిక

నేను శరీర నిర్మాణ శాస్త్రం చదువుతున్నాను. మాకు ఇదే పని మనుషుల మీద ఉంటుంది. గుర్తు తెలియని అస్థిపంజరం వస్తే తొడ ఎముక కొలిచి ఎత్తు చెప్పాలి. ట్రాటర్, గ్లెసర్ 1952లో ఇచ్చిన సమీకరణాల్లో అమెరికాలోని తెల్లజాతి పురుషులకు ఇది వాడతారు, కొలతలు సెంటీమీటర్లలో:

```
ఎత్తు = 2.38 × తొడ ఎముక + 61.41   (± 3.27)
```

ఇంత కచ్చితంగా మనుషులకు చెప్పగలుగుతున్నప్పుడు డైనోసార్‌లకు పది మీటర్ల తేడా ఎందుకు రావాలి? ఇలాంటి సమీకరణమే ఒకటి తయారు చేసుకుంటే సరిపోదా?

కొలబద్ద

అస్థిక గారూ, ఆ సమీకరణం వెనక ఎత్తు తెలిసిన వందల మంది ఉన్నారు. అందరూ ఒకే జాతి, అందరూ పెద్దవాళ్లు, ఎముకలన్నీ ఉన్నవాళ్లు. ఆ ± 3.27 అనేది అంతమందిని కొలిచాక వచ్చింది. సారోపాడ్‌లలో ముక్కు నుంచి తోక కొస దాకా ఒక్క పూస కూడా తప్పిపోకుండా దొరికినవి చాలా అరుదు. వంద జంతువులతో గీత గీసే వీలే లేదు.

అయినా మీ సమీకరణం ఈ చర్చకు బాగా పనికొస్తుంది. అందులో 61.41 అనే స్థిర సంఖ్య ఉంది చూడండి. తొడ ఎముక 45 సెంటీమీటర్లయితే ఎత్తు 168.5, అంటే 3.74 రెట్లు. 50 అయితే 180.4, అంటే 3.61 రెట్లు. ఒకే జాతిలో, అందరూ పెద్దవాళ్లయినా, నిష్పత్తి స్థిరంగా లేదు. పొడుగు మనుషుల ఎత్తులో కాళ్ల వాటా కాస్త ఎక్కువ. 45 సెంటీమీటర్ల మనిషి నిష్పత్తిని 50 సెంటీమీటర్ల ఎముకకు వాడితే ఎత్తు దాదాపు 7 సెంటీమీటర్లు ఎక్కువగా వస్తుంది.

లెక్కలమాస్టారు

అయితే సరళ నిష్పత్తి బదులు ఘాతం పెట్టాలి.

```
L2 = L1 × (F2 / F1)^b
```

b విలువ 1 అయితే మామూలు నిష్పత్తి. పెద్ద జంతువుల ఎముకలు లావెక్కాలని గెలీలియో 1638లోనే చెప్పాడు. పొడవు రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్లు, ఎముక అడ్డుకోత నాలుగు రెట్లే. కాబట్టి భారీ జంతువుల్లో తొడ ఎముక శరీరం కంటే వేగంగా పెరగాలి. అంటే b తప్పకుండా 1 కంటే తక్కువ. నిష్పత్తి లెక్క ఎప్పుడూ ఎక్కువే చెబుతుంది.

కొలబద్ద

ఘాతం పెట్టాలన్నది నిజం. కానీ గెలీలియో వాదన ఎముక లావు గురించి. ఎముక లావెక్కితే పొడవు కూడా అంతే వేగంగా పెరగాలని లేదు. మందంగా, అదే సమయంలో శరీరంతో పోలిస్తే పొట్టిగా కూడా ఉండొచ్చు. అప్పుడు b విలువ 1 దాటుతుంది. ఏ వైపు వెళుతుందో ఆ గుంపు కొలతలే చెప్పాలి, సూత్రం చెప్పదు.

b తెలియకపోతే నష్టమెంత అన్నది లెక్క వేసి చూడొచ్చు. డ్రెడ్‌నాటస్ నుంచి మన ఎముకకు వెళ్లడమంటే 1.25 రెట్ల దూకుడు మాత్రమే. b 0.9 అయితే 31.7 మీటర్లు, 1.1 అయితే 33.1 మీటర్లు. రెండింటి మధ్య మీటరున్నర కూడా లేదు.

ఇప్పుడు మనకు తెలిసిన బంధువు 60 సెంటీమీటర్ల తొడ ఎముక, 8 మీటర్ల పొడవు ఉన్న చిన్న జంతువు అనుకుందాం, ఇది ఉదాహరణకే. మామూలు నిష్పత్తితో 31.7 వస్తుంది. b 0.9 అయితే 27.6కి పడిపోతుంది, 1.1 అయితే 36.4కి పోతుంది. దాదాపు తొమ్మిది మీటర్ల తేడా. అందుకే బంధుత్వంలో కాస్త దూరమైనా సైజులో దగ్గరగా ఉన్న జంతువు కొన్నిసార్లు మేలు. పిల్ల ఎముకను పెద్ద జంతువుతో పోల్చడంలో కూడా ఇదే చిక్కు. పెరిగే కొద్దీ మెడ, తోక, కాళ్ల వాటాలు మారతాయి.

వెంకట్77

అన్నా, నాకు ఒకటి చెప్పండి. పొడవు తెలిశాక బరువు ఘనంలో పెరుగుతుంది కదా. 32.4 మీటర్లని తేలితే దాని నుంచి నేరుగా బరువు తీసేయొచ్చా? నేను అసలు ఈ టాపిక్ బరువు గురించే అనుకుని వచ్చాను.

కొలబద్ద

వద్దు వెంకట్. 32.4, 37 మధ్య తేడా పొడవులో 14 శాతమే. ఘనం చేస్తే దాదాపు 50 శాతం అవుతుంది. పొడవులో ఉన్న అనుమానమంతా అక్కడ మూడింతలై కూర్చుంటుంది. పైగా సన్నటి తోక వల్ల వచ్చిన మీటర్లకు కూడా బరువు కట్టినట్టవుతుంది.

బరువుకు ఎముక పొడవు కాదు, కాడ చుట్టుకొలత వాడతారు. నాలుగు కాళ్ల జంతువుకైతే ముందు కాలి పై ఎముక చుట్టుకొలత, తొడ ఎముక చుట్టుకొలత రెండూ కలపాలి. మన దగ్గర తొడ ఎముక ఒక్కటే ఉంది కాబట్టి అక్కడ కూడా సగం ఊహే. రెండు ఎముకలూ ఉన్నా తగాదా తీరదు. డ్రెడ్‌నాటస్‌కు 2014లో ఆ పద్ధతితో 59 టన్నులన్నారు. 2015లో మరో బృందం శరీరం చుట్టూ కంప్యూటర్‌లో ఆకారం కట్టి చూసి, 38 టన్నులకు మించదని వాదించింది. దానికి వేరే చర్చ పెట్టండి, వచ్చి రాస్తాను.

మట్టిపొర

తవ్వకాల్లో ఎముకలు కొలిచిన అనుభవంతో ఒక మాట. మీరంతా F2 అంటే 2.38 అని తేలిగ్గా రాసేస్తున్నారు. ఆ సంఖ్య ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూడాలి.

తొడ ఎముకను పై కొస నుంచి మోకాలి వైపు కొస దాకా నిటారుగా, ఎముక ఒంపు వెంబడి కాకుండా కొలవాలి. ఒంపు వెంబడి టేపు వేస్తే ఎక్కువ వస్తుంది. వంగిన తొడ ఎముకలున్న మాంసాహార డైనోసార్‌లలో ఈ తేడా ఇంకా ఎక్కువ. పాత నివేదికల్లో ఏ విధంగా కొలిచారో రాయకపోతే ఆ నిష్పత్తి మీద నాకు నమ్మకం ఉండదు.

రెండోది విరిగిన ఎముకలు. అర్జెంటీనోసారస్‌కు జత చేసిన తొడ ఎముకలో కాడ మాత్రమే ఉంది. దాని చుట్టుకొలత 1.18 మీటర్లు. పూర్తి ఎముక రెండున్నర మీటర్లు ఉండొచ్చని అంచనా వేశారు. అలాంటప్పుడు జంతువు పొడవు కట్టడమంటే అంచనా మీద మరో అంచనా. కొసలు పోయిన ఎముక చేతికొస్తే నేను ముందు చూసేది కాడ వెనక, లోపలి వైపున తోక కండరం అతుక్కునే గట్టు. అది ఉంటే, పూర్తి ఎముకల్లో ఆ గట్టు ఎంత ఎత్తులో ఉంటుందో చూసి మిగతా పొడవు కట్టొచ్చు. అది కూడా లేకపోతే పొడవు సంఖ్య చెప్పడానికి నేను ఒప్పుకోను.

కొలబద్ద

మట్టిపొర గారు చెప్పింది ముఖ్యమైనదే. కానీ ఏ పొరపాటు ఎంత బరువైనదో కూడా చూడాలి. పూర్తిగా ఉన్న ఎముకను 3 సెంటీమీటర్లు తప్పుగా కొలిచినా 13.6తో గుణిస్తే 41 సెంటీమీటర్లు. పది మీటర్ల తేడా ముందు అది ఎంత?

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది L1. డ్రెడ్‌నాటస్ 26 మీటర్లని రాశాం. అందులో తోక దాదాపు పూర్తిగా దొరికింది, 8.7 మీటర్లు. మెడ మాత్రం 11.3 మీటర్లని అంచనా, దొరికిన మెడ పూస ఒక్కటే. మిగతా మెడను ఇతర టైటనోసార్‌లను చూసి కట్టారు. ఆ మెడ నిజానికి 2 మీటర్లు పొట్టి అయి ఉంటే జంతువు 24 మీటర్లు, నిష్పత్తి 12.6. మన 32.4 కాస్తా 29.9కి దిగుతుంది. బెర్లిన్ జిరాఫటైటన్‌ది కూడా ఇదే సంగతి. అది ఒకే జంతువు ఎముకలతో నిలబెట్టింది కాదు, తోక మరో జంతువుది.

బంధువు పొడవులోని ఊహ మన జవాబులోకి వచ్చేటప్పుడు పెద్దదై వస్తుంది. దీన్ని చాలామంది లెక్కలో చూపించరు.

నీలిగడప

ఇప్పుడు అర్థమవుతోంది. అయితే 37 అన్నది ఎక్కువ చెప్పినట్టా? నిష్పత్తి 32 దగ్గర ఆగుతోంది కదా.

కొలబద్ద

తొడ ఎముక లెక్క దానికి తీర్పు ఇవ్వలేదు. పటగోటైటన్ మెడ, తోక డ్రెడ్‌నాటస్ కంటే వాటా ప్రకారం పొడవైనవే అయి ఉండొచ్చు. వాళ్ల దగ్గర వేర్వేరు జంతువుల పూసలు ఉన్నాయి, మన ఊహాలెక్కలో అవి లేవు. అయితే మెడ, తోక వాళ్లకూ మొత్తం దొరకలేదు. తర్వాత వచ్చిన అంచనాల్లో 37 కంటే తక్కువ చెప్పినవి ఉన్నాయి. నేను ఇప్పటికి తక్కువ వైపే మొగ్గుతాను, కానీ వరుసగా దొరికిన పూర్తి మెడ ఒకటి బయటపడితే మార్చుకుంటాను.

బంధువు మారితే సంఖ్య ఎంత మారుతుందో చూడాలంటే మరాపునిసారస్ అనే సారోపాడ్ కథ చూడండి. అది తొడ ఎముక కాదు, 1878లో కోప్ వర్ణించిన విరిగిన వెన్నుపూస ఒక్కటి. తర్వాత అది పోయింది కూడా, మిగిలింది బొమ్మ. 2006లో డిప్లోడోకస్ లాంటిదనుకుని 58 మీటర్లన్నారు. 2018లో అదే పరిశోధకుడు దాన్ని మరో కుటుంబానికి చెందినదిగా తేల్చాక సుమారు 30 మీటర్లన్నాడు. పూసలో ఒక్క మిల్లీమీటరు కూడా మారలేదు.

మట్టిపొర

అందుకే నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఒక్క తొడ ఎముక నుంచి మొత్తం పొడవు ప్రకటించకూడదు. డైనోసార్‌ల తోక పూర్తిగా దొరకడమే అరుదు, దగ్గరి జాతుల మధ్య కూడా తోక పొడవు చాలా మారుతుందని 2012లో హోన్ అనే పరిశోధకుడు చూపించాడు. చెప్పాల్సింది తుంటి ఎత్తు. తొడ ఎముక దానిలో నేరుగా భాగం. సారోపాడ్ కాలు స్తంభంలా నిటారుగా ఉంటుంది కాబట్టి మోకాలి కింది ఎముకలు, పాదం కలిపితే అయిపోయింది. ఊహ చాలా తక్కువ.

అస్థిక

తుంటి ఎత్తు ఎక్కువ నమ్మదగినదని ఒప్పుకుంటాను. కానీ మట్టిపొర గారూ, రెండు జాతులను పోల్చే వాళ్లకు, మ్యూజియంలో బొమ్మ కట్టే వాళ్లకు పొడవు కావాలి. మీరు చెప్పకపోతే వాళ్లు ఇష్టం వచ్చినట్టు కట్టుకుంటారు. మా దగ్గర కూడా ఎత్తును ఒకే సంఖ్యగా ఇవ్వం, ఇంత నుంచి ఇంత అని ఇస్తాం. ఇక్కడా అలా ఎందుకు ఇవ్వకూడదు?

మట్టిపొర

మీ హద్దుల వెనక కొలిచిన మనుషులు ఉన్నారు. ఇక్కడి హద్దుల వెనక మూడు అస్థిపంజరాలు, వాటిలో సగం ప్లాస్టర్. హద్దు రాస్తే దానికి లేని కచ్చితత్వం ఉన్నట్టు కనిపిస్తుంది. నేను ఇంకా తుంటి ఎత్తు దగ్గరే ఉంటాను.

లెక్కలమాస్టారు

నా మట్టుకు హద్దులే నయం. అయితే మూడు బంధువుల సగటు తీసి, ± పెట్టేస్తే సరిపోతుంది. 28, 32.4, 38.6 సగటు 33.

కొలబద్ద

సగటు వద్దు మాస్టారూ. ఎముక అంచులో ఉబ్బు ఉందని చూసి డిప్లోడోకస్‌ను పక్కన పెట్టాం కదా. పక్కన పెట్టిన దాన్ని మళ్లీ సగటులోకి తెస్తే, ఎముక మనకు చెప్పిన ఒక్క మంచి మాటను చెరిపేసినట్టు. ఏ బంధువు, ఎందుకు, ఏ ఘాతం అని విడివిడిగా రాయాలి. చదివేవాళ్లకు వాటిలో ఏదైనా నచ్చకపోతే మార్చుకుని మళ్లీ లెక్క వేసుకోగలగాలి.

నీలిగడప

నేను రాసుకుంటున్నది ఇది, చూసి చెప్పండి. "తొడ ఎముక 2.38 మీటర్లు, పూర్తిగా ఉంది, నిటారుగా కొలిచారు. బయటి అంచులో ఉబ్బు ఉంది కాబట్టి టైటనోసార్‌ల వైపు గుంపు. డ్రెడ్‌నాటస్ ప్రకారం 32.4 మీటర్లు, దాని మెడ 2 మీటర్లు పొట్టి అనుకుంటే 29.9. ఘాతం 0.9 నుంచి 1.1 దాకా మారితే 31.7 నుంచి 33.1. జిరాఫటైటన్ ప్రకారం 28."

కొలబద్ద

బాగుంది. ఆ డ్రెడ్‌నాటస్ చనిపోయేటప్పటికి ఇంకా పూర్తిగా ఎదగలేదని కూడా చేర్చండి. మన ఎముక పూర్తిగా ఎదిగిన జంతువుదైతే రెండింటి వాటాలు ఒకేలా ఉంటాయని అనుకోవడం కూడా ఒక ఊహే. దాన్ని అంకెలోకి ఎలా తేవాలో నాకు ఇంకా తోచలేదు. ఎముక కోత తీసి వయసు చూసిన వాళ్లెవరైనా ఇక్కడ ఉంటే రాయండి.

మట్టిపొర

వాక్యం చివర తుంటి ఎత్తు కూడా రాయండి నీలిగడప గారూ. మొదట్లో రాస్తే ఇంకా మంచిది.